ఏ ఏడాది డబ్బుకు ఆ ఏడాది రేటు

ఒక ప్రభుత్వ శాఖ గోదామును మూడేళ్లకు అద్దెకు తీసుకుంది. ప్రతి ఏడాది చివర లక్ష రూపాయలు కడుతుంది. ఆ మూడు లక్షలూ ఇప్పుడే కావాలంటే యజమానికి ఎంత రావాలి? మూడేళ్ల వడ్డీ 7 శాతం కదా అని మూడు వాయిదాలకూ అదే వాడితే 2,62,432 రూపాయలు వస్తాయి.

కానీ మార్కెట్లో ఏడాది అప్పుకు 5 శాతం, రెండేళ్ల అప్పుకు 6, మూడేళ్లకు 7 నడుస్తున్నాయనుకుందాం. వచ్చే ఏడాదే చేతికొచ్చే లక్షను మూడేళ్ల రేటుతో కోయడం ఏం న్యాయం? మొదటి లక్షను 1.05తో ఒకసారి, రెండో లక్షను 1.06తో రెండుసార్లు, మూడోదాన్ని 1.07తో మూడుసార్లు భాగిస్తే 95,238, 89,000, 81,630 వస్తాయి. మొత్తం 2,65,868. ఒకే రేటు లెక్కలో యజమానికి 3,436 రూపాయలు తగ్గిపోయాయన్నమాట.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. మూడో లక్షను 1.05, 1.06, 1.07తో వరసగా భాగించేస్తారు. అప్పుడు దాని విలువ 83,969గా ఉబ్బుతుంది. 7 శాతం అంటే మూడో ఏడాది ఒక్కదాని వడ్డీ కాదు, ఇవాళ్టి నుంచి మూడేళ్లపాటు ఏటా పడే సగటు వడ్డీ.

మరి ఈ రేట్లు ఎక్కడ దొరుకుతాయి? ఏడాదిలోపు ట్రెజరీ బిల్లులకు మధ్యలో వడ్డీ చెల్లింపులుండవు కాబట్టి వాటి రేటును నేరుగా వాడొచ్చు. ఎక్కువ కాలం బాండ్లు మాత్రం మధ్యమధ్యలో వడ్డీ ఇస్తాయి, అందుకే వాటి దిగుబడిలో చాలా కాలాల రేట్లు కలగాపులగంగా ఉంటాయి. వాటిని విడదీయాలి. ఏటా 6 రూపాయల వడ్డీ ఇచ్చే రెండేళ్ల బాండు 100కు అమ్ముడవుతోందనుకోండి. మొదటి 6 రూపాయల నేటి విలువ, 5 శాతం రేటుతో, 5.71. మిగిలిన 94.29 రూపాయలు రెండేళ్లలో 106 కావాలి. అందుకు కావలసిన రేటు 6 కాదు, 6.03. ఇలా ఒక్కో ఏడాది మెట్టు ఎక్కుతూ పోవడాన్నే బూట్‌స్ట్రాపింగ్ అంటారు. మన ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తాయి, కాబట్టి అసలు లెక్కలో మెట్లు రెట్టింపు. బాండులోని ఒక్కో చెల్లింపును విడిగా అమ్ముకునే ‘స్ట్రిప్స్’ పద్ధతిని రిజర్వ్ బ్యాంక్ 2010లో మొదలుపెట్టింది.

తీసిన రేట్లు సరైనవో కావో తెలుసుకోవడానికి, వాటితోనే ఆ బాండును తిరిగి వెలకట్టి చూడాలి. మార్కెట్ ధర రాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. అద్దె కట్టేది ప్రభుత్వం కాకుండా ప్రైవేటు కంపెనీ అయితే, ఎగవేత భయానికి ప్రతి రేటుకూ కొంత కలపాలి.

దూరం రేటే ఎప్పుడూ ఎక్కువనీ అనుకోకూడదు. అమెరికాలో 2022 జూలై నుంచి రెండేళ్లకు పైగా, రెండేళ్ల ప్రభుత్వ బాండు దిగుబడి పదేళ్లదాని కన్నా పైనే ఉంది. అలాంటప్పుడు అన్నింటికీ పదేళ్ల రేటే వాడితే, దగ్గర్లో రావలసిన సొమ్ముకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ విలువ కట్టినట్టవుతుంది.