అంగుళాలు చూసి కవర్ కొనొద్దు

ట్యాబ్ కవర్ కోసం షాపుకెళ్తే కౌంటర్ వెనక కుర్రాడు అడిగే మొదటి మాట "ఏ మోడలండీ?" అని. మనలో చాలామంది చెప్పే జవాబు "ఐప్యాడండీ, పది పాయింట్ తొమ్మిది అంగుళాలది" అని. జవాబు తప్పేం కాదు గానీ, దాంతో కవర్ ఇవ్వడం మాత్రం కుదరదు. అంగుళాలనేవి స్క్రీన్‌లో వెలిగే భాగానికి ఒక మూల నుంచి ఎదురు మూలకు తీసిన కొలత. కవర్ పట్టుకునేది వెలిగే భాగాన్ని కాదు, మొత్తం ఒంటిని. 10.9 అంగుళాల స్క్రీనే ఉండి, ఒళ్లు వేరైన ఐప్యాడ్లు రెండు రకాలున్నాయి. ఒకదాని కవర్ ఇంకోదానికి సరిపోదు.

ట్యాబ్ చేతిలో ఉంటే ఇదేమంత పెద్ద చిక్కు కాదు. చాలాసార్లు ట్యాబ్ ఒకచోట, కొనేవాళ్లు ఇంకోచోట ఉంటారు. డల్లాస్ నుంచి కొడుకు పంపిన ఐప్యాడ్ గుంటూరులో నాన్నగారి బల్ల మీద ఉంటుంది. కవర్ కొనాల్సిన మేనల్లుడు హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీలో నిలబడి ఉంటాడు. మధ్యన వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ఒక్కటే ఆధారం. ఆ ఫొటో సరిగ్గా తీయించుకుంటే సగం పని అయినట్టే.

మామూలుగా వచ్చే ఫొటో ఎలా ఉంటుందంటే, ఆపేసిన స్క్రీన్, దాని మీద పైకప్పు ఫ్యాను నీడ. అందులో ఏమీ తెలియదు. స్క్రీన్ ఆపేసి ఉంటే వెలిగే భాగం ఎక్కడ ఆగిందో, చుట్టూ నల్ల పట్టీ ఎక్కడ మొదలైందో కనపడదు. ఆ పట్టీనే షాపుల్లో బెజెల్ అంటారు. కెమెరా చుక్క కూడా ఆ నలుపులోనే కలిసిపోతుంది. అందుకని స్క్రీన్ మీద ఏదో ఒక తెల్లటి పేజీ తెరిచి ఉంచి, ట్యాబ్‌కి నిలువుగా పైనుంచి ఒక ఫొటో తీయమనాలి. రెండోది వెనక వైపు. మూడోది ఛార్జర్ పెట్టే రంధ్రం, వీలైనంత దగ్గరగా, రంధ్రం లోపలికి వెలుగు పడేలా.

మేనల్లుడికి ఈ మూడూ వచ్చాయనుకుందాం. మొదటి ఫొటోలో చూడాల్సింది బెజెల్. పైనా కిందా పట్టీ వెడల్పుగా ఉండి, కింద గుండ్రటి బటన్ ఉంటే అది పాత తరహా ఐప్యాడ్. నాలుగు వైపులా పట్టీ సమానంగా ఉండి బటన్ లేకపోతే కొత్త తరహా. మామయ్యగారిది రెండో రకం.

తరవాత చూడాల్సింది ఛార్జింగ్ రంధ్రం. లైట్నింగ్, టైప్-సి రెండూ బయటికి కోలగానే ఉంటాయి కాబట్టి దూరం ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. తేడా లోపల ఉంది. టైప్-సి రంధ్రం మధ్యలో సన్నటి రేకులాంటి నాలుక ఉంటుంది. లైట్నింగ్ రంధ్రం నడుమ ఏమీ ఉండదు, ఖాళీ. ఇక్కడ నాలుక కనపడింది, అంటే టైప్-సి. బటన్ లేదు, టైప్-సి ఉంది, వెనక ఒకటే కెమెరా, స్క్రీన్ 10.9. ఇప్పుడు బరిలో మిగిలినవి రెండు కుటుంబాలు: 2020, 2022ల్లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 4, 5 ఒకటి, 2022లోనే వచ్చిన పదో తరం మామూలు ఐప్యాడ్ ఇంకొకటి.

వీటిని విడదీసేది ముందు కెమెరా. ఎయిర్ 4, 5ల్లో అది పొట్టి అంచు మధ్యలో ఉంటుంది, ఫోన్లో ఉన్నట్టే. పదో తరంలో దాన్ని పొడుగు అంచు మధ్యకు మార్చారు, ట్యాబ్‌ని అడ్డంగా నిలబెట్టి వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ముఖం నేరుగా పడుతుందని. మేనల్లుడికి వచ్చిన ఫొటోలో చుక్క పొడుగు అంచు మీద ఉంది. కాబట్టి పదో తరం. ఇంతటితో తేలిపోయిందనుకునేవాళ్లం, 2024 దాకా.

ఆ ఏడు వచ్చిన 11 అంగుళాల ఎయిర్‌లో కూడా కెమెరాని పొడుగు అంచుకే తీసుకెళ్లారు. దాని ఒళ్లు మాత్రం పాత ఎయిర్ కొలతే. ఇంకోపక్క 2025లో వచ్చిన ఎ16 ఐప్యాడ్ ఒళ్లు అచ్చంగా పదో తరానిదే, అయినా పెట్టె మీద 11 అంగుళాలని రాశారు. అంటే "పదకొండు అంగుళాలు, కెమెరా పక్కన" అన్న మాటకి ఇప్పుడు రెండు వేర్వేరు ఒళ్లున్నాయి. ఇక్కడ అక్కరకొచ్చేది వెనక ఫొటో. కీబోర్డు తగిలించుకోవడానికి మూడు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. ఎయిర్‌లో అవి వీపు మీద కనపడతాయి. పదో తరంలోనూ ఎ16లోనూ వీపు మీద ఉండవు, పక్క మందంలో ఉంటాయి. మామయ్యగారి ఐప్యాడ్ వీపు మీద చుక్కల్లేవు.

తేడా ఎంతో చెబితే నవ్వొస్తుంది. పదో తరం 248.6 మిల్లీమీటర్ల పొడుగు, 179.5 వెడల్పు, 7 మందం. ఎయిర్ 247.6 పొడుగు, 178.5 వెడల్పు, 6.1 మందం. ఎటు చూసినా ఒక మిల్లీమీటరే. కానీ కవర్ గట్టి ప్లాస్టిక్ అయితే ఆ ఒక్క మిల్లీమీటరే తగువు పెడుతుంది. పదో తరాన్ని ఎయిర్ కవర్లో దూరిస్తే మూడు మూలలు కూర్చుని నాలుగోది ఎగదన్నుతుంది. ఎయిర్‌ని పదో తరం కవర్లో పెడితే ఇబ్బందే లేకుండా దూరుతుంది, అదే అసలు మోసం. ఇంటికొచ్చాక లోపల ఆడుతుంటుంది, బటన్లకు కోసిన సందులు కాస్త పక్కకు పడతాయి. మూత మూస్తే స్క్రీన్ ఆగిపోవాలి, అదీ ఒక్కోసారి జరగదు, ఎందుకంటే మూతలోని అయస్కాంతం ట్యాబ్ లోపలున్న సెన్సర్‌కి ఎదురుగా రాదు. చీకట్లో స్క్రీన్ వెలుగుతూనే ఉండి తెల్లారేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. చాలామంది బ్యాటరీ పాడైందనుకుంటారు.

ఫొటోతో ఇంతదాకా రావచ్చు. డబ్బు కట్టే ముందు మాత్రం నంబరు అడగాల్సిందే.

"మామయ్యా, వెనక కింద బుల్లి అక్షరాలున్నాయి చూడు. Aతో మొదలై నాలుగంకెలు."

"నా కళ్లకెక్కడ ఆనతాయిరా అవి!"

"సరే, Settings తెరిచి General, అందులో About నొక్కు. Model Number అని ఉంటుంది."

"ఏదో M తో మొదలైంది, చివర LL/A అనుంది."

"దాని మీద ఒకసారి వేలు పెట్టు, మారుతుంది."

మారింది: A2696. పదో తరం, వైఫై రకం. ఎయిర్ 5 వైఫై అయితే A2588 వచ్చేది. మొదట కనపడిన LL/A అమెరికాలో అమ్మినదని చెప్పే గుర్తు, మన దేశంలో కొన్నదైతే HN/A ఉంటుంది. ఆ గుర్తుతో కవర్‌కు నిమిత్తం లేదు, ఒళ్లు ఎక్కడైనా ఒకటే. సిమ్ వేసే రకమా కాదా అన్నది కూడా కవర్‌కు పెద్దగా పట్టదు. అయితే ఆ About పేజీ మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీసి షాపువాడికి పంపకండి. అదే పేజీలో సీరియల్ నంబరు ఉంటుంది, సిమ్ రకమైతే ఐఎంఇఐ కూడా. షాపుకి కావాల్సింది A పక్కనున్న నాలుగంకెలే.

గుండ్రటి బటన్ ఉన్న పాత ఐప్యాడ్లకి ఇంత తతంగం అక్కర్లేదు, స్కూలు స్కేలు చాలు. పొడుగు 24 సెంటీమీటర్లయితే 9.7 అంగుళాల కుటుంబం, 2017, 2018లవి. 25 దాటితే 10.2 కుటుంబం, 2019 నుంచి 2021 దాకా వచ్చినవి. ట్యాబ్ దగ్గర స్కేలు లేకపోతే పక్కన ఏటీఎం కార్డు బోర్లించి ఫొటో తీయమనండి. కార్డు పొడుగు ఎక్కడైనా 85.6 మిల్లీమీటర్లే. ట్యాబ్ పొడుగు దానికి 2.8 రెట్లుంటే మొదటి కుటుంబం, 2.9 దాటితే రెండోది. కొత్త ఐప్యాడ్లలో ఒక మిల్లీమీటరు తేడా తేల్చడానికి ఈ కిటుకు పనికిరాదు. ఫొటో కొంచెం వాలినా అంతకంటే ఎక్కువ తేడా వచ్చేస్తుంది.

సామ్‌సంగ్ ట్యాబ్‌లకైతే నేరుగా SM- తో మొదలయ్యే నంబరు అడగడమే మేలు. అక్కడా అంగుళాల బెడద ఉంది: ట్యాబ్ ఎ7 లైట్, ట్యాబ్ ఎ9 రెండూ 8.7 అంగుళాలే, పొడుగులో మిల్లీమీటరున్నర తేడా. SM-X110 ఎ9 వైఫై, SM-X115 దాని సిమ్ రకం, రెండిటికీ ఒకటే కవర్.

స్క్రీన్ గార్డ్ లెక్క వేరు. దానికి ఒంటి మందంతో పనిలేదు, ముందు అద్దం పొడుగు వెడల్పులు చాలు. కానీ కవర్‌తో దానికి పేచీ ఉంది. గార్డ్ అద్దం అంచు దాకా ఉంటే కవర్ పెదవి దాన్ని కిందనుంచి ఎత్తుతుంది, మూలల్లో గాలి చేరి తెల్లగా కనపడుతుంది. అందుకే కవర్ ముందు కొని, తొడిగి, ఆ తరవాతే గార్డ్ ఎంచుకోవాలి. షాపులో వెనక పొర పీకకుండా గ్లాసును ఊరికే స్క్రీన్ మీద పెట్టి చూడమనండి. కవర్ పెదవికీ గ్లాసుకీ మధ్య చుట్టూరా సన్నటి సందు కనపడాలి. వెలిగే భాగం మొత్తం గ్లాసు కిందికి రావాలి. పొర పీకాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు.

కవర్‌ని కూడా అక్కడే పరీక్షించాలి. టైప్-సి కేబుల్ పెట్టి చూడండి. సందు ఇరుగ్గా ఉంటే కేబుల్ తల పూర్తిగా లోపలికి వెళ్లదు, ఛార్జింగ్ ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కదు. పదో తరం, ఎ16, ఎయిర్ ఐప్యాడ్లలో వేలిముద్ర పై బటన్‌లోనే ఉంటుంది. కాబట్టి అక్కడ కవర్ తెరుచుకుని ఉండాలి. రబ్బరు తొడుగు వేసిన కవర్ అయితే బటన్ నొక్కుడు పడుతుంది గానీ వేలిముద్ర పట్టదు.

ఇక కిండిల్. మామూలు కిండిల్‌కీ పేపర్‌వైట్‌కీ కెమెరా ఉండదు కాబట్టి చెప్పేవి బెజెల్, ఛార్జింగ్ రంధ్రాలే. స్క్రీన్ నుంచి అంచు మీదికి వేలితో రాసి చూస్తే మెట్టు తగిలితే మామూలు కిండిల్, లేదా 2018కి ముందరి పేపర్‌వైట్. మెట్టు లేకుండా నున్నగా సాగితే 2018 తరవాతి పేపర్‌వైట్. ఫొటోలో అయితే ఏటవాలుగా వెలుగు పడేలా తీస్తే మెట్టు నీడ గీతలా కనపడుతుంది. నున్నటిదై, కింద అడుగు వైపు కురచైన మైక్రో యూఎస్‌బీ ఉంటే 2018 నాటి 6 అంగుళాల పేపర్‌వైట్. నున్నటిదై టైప్-సి ఉంటే 2021 నాటి 6.8 అంగుళాలది, లేదా 2024 నాటి 7 అంగుళాలది. ఈ రెండూ పొడుగులో దాదాపు 3 మిల్లీమీటర్ల తేడా, స్కేలుకు దొరుకుతుంది: 17.4 సెంటీమీటర్లా, 17.7 సెంటీమీటర్లా అన్నది చూడాలి.

కిండిల్‌కి మెరిసే గ్లాసు అంటించమని నేనైతే చెప్పను. కాగితంలా కనపడాలని చేసిన స్క్రీన్ మీద ట్యూబ్‌లైట్ మెరుపు తెచ్చిపెట్టుకోవడమే అవుతుంది. కావాలంటే మ్యాట్ ఫిల్మ్ వేయించండి. మెట్టున్న పాత కిండిల్‌కి ఫిల్మ్ లోపలి గుంట కొలతకే కోసి ఉండాలి, రవ్వంత పెద్దదైనా అంచు లేచిపోతుంది. మైక్రో యూఎస్‌బీ కాలం నాటి వాటికి సరైన కవర్ ఇప్పుడు షాపుల్లో దొరకడం కష్టం. "ఇది అన్నిటికీ పడుతుందండీ" అంటూ స్ప్రింగు కొక్కేలున్న కవర్ తీసి చూపిస్తారు. ఆ కొక్కేలు కొన్నిసార్లు కింది అంచున ఉన్న పవర్ బటన్ మీదే వచ్చి కూర్చుంటాయి. దానికంటే జిప్పున్న మెత్తటి పౌచ్ నయం.