గుడ్డు మెరుస్తుండగానే పెనం దించాలి

హోటళ్లలో పొద్దున పూట బఫేలో మూతపెట్టిన స్టీలు ట్రేలో స్క్రాంబుల్డ్ ఎగ్స్ పెడతారు. ఆలస్యంగా వెళ్లి మూత తీస్తే పసుపుపచ్చటి పలుకుల చుట్టూ పల్చటి నీళ్లు ఊరి ఉంటాయి. ఒక్కోసారి అక్కడక్కడా లేత ఆకుపచ్చ ఛాయ కూడా కనిపిస్తుంది. పాలు ఎక్కువ పోశారనో, గుడ్లు నిలవవనో చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు ఆ నీళ్లు గుడ్డులోంచే వస్తాయి. వండేటప్పుడు వేడి ఎక్కువై కొంత, వండాక వేడివేడి ట్రేలో గంటలు గంటలు ఉండి కొంత, గుడ్డు తనలోని నీటిని తానే వదిలేస్తుంది.

కోడిగుడ్డులో సుమారు ముప్పాతిక వంతు నీరే. తెల్లసొనలోనైతే దాదాపు తొంభై శాతం. మిగిలిన దానిలో ప్రొటీన్లు ముఖ్యం. పచ్చి గుడ్డులో అవి ఉండలు చుట్టుకుని విడివిడిగా తేలుతూ ఉంటాయి. వేడి తగిలితే ఉండలు విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ అల్లికలో నీరు చిక్కుకుంటుంది. మనం మెత్తగా ఉందంటున్న గుడ్డు నిజానికి నీటిని పట్టి ఉంచిన గుడ్డు. ఇంకా వేడి పెడితే పట్టు బిగుస్తుంది. తడిబట్టను మెలిపెట్టి పిండినట్టు ప్రొటీన్ల అల్లిక తన మధ్య ఉన్న నీటిని బయటికి నెట్టేస్తుంది. అప్పుడు పలుకు రబ్బరులా సాగుతుంది, పళ్లెంలో నీళ్లు మిగులుతాయి. ఒకసారి బిగిసిన అల్లిక మళ్లీ వదులు కాదు. వెన్న వేసినా పాలు పోసినా పైపైన తడి కనిపిస్తుందే గానీ లోపలి మెత్తదనం తిరిగిరాదు.

ఇదంతా చాలా ఇరుకైన హద్దుల్లో జరుగుతుంది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కబడడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి, 70 దగ్గర నిలుస్తుంది. రెండూ కలిపి గిలక్కొట్టిన గుడ్డు 70 దాటాక మెత్తగా గడ్డకడుతుంది. 80 దాటిందంటే బిగుతు మొదలైనట్టే. అంటే మెత్తటి గుడ్డుకీ రబ్బరు గుడ్డుకీ మధ్య తేడా పది డిగ్రీల లోపే. ఆ పది డిగ్రీలు దాటడానికి ఎంతసేపు పడుతుందన్నదే సన్నమంటకీ పెద్దమంటకీ అసలు తేడా.

పెద్దమంట మీద కాగిన పెనం వేడి సులువుగా 150 డిగ్రీలు దాటి ఉంటుంది. గుడ్డు పోయగానే అడుగున ఆనిన పొర క్షణాల్లో గట్టిపడుతుంది. పైన మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటుంది. కలిపితే గట్టి ముక్కలు, పచ్చి సొన కలగలిసిపోతాయి. పచ్చిగా ఉన్నది ఉడికే వరకూ ఆగితే ముందే ఉడికింది మాడుతుంది. సన్నమంటలో ఈ ఎగుడుదిగుడు తక్కువ. అడుగుపొర గట్టిపడేలోపే గరిటె దాన్ని కదిలించి మిగతా సొనలో కలిపేస్తుంది. గుడ్డంతా దాదాపు ఒకే వేడికి ఒకేసారి చేరుతుంది. పైగా సరైన పాకం దగ్గర అర నిమిషమో నిమిషమో తీరిక దొరుకుతుంది, చూసి దించుకోవచ్చు. పెద్దమంట మీద ఆ తీరిక కొన్ని సెకన్లే.

ఫ్రెంచి వంటవాళ్లు ఈ తీరిక విలువను ముందే గుర్తించారు. అగస్ట్ ఎస్కోఫియే 1903లో వెలువరించిన వంటల గ్రంథంలో గిలక్కొట్టిన గుడ్డును వెన్నలో సన్నమంట మీద, కొయ్య గరిటెతో కలుపుతూ వండమన్నాడు. తొందరపడితే గట్టి ఉండలు కడతాయని హెచ్చరించాడు. పాత్ర దించాక మరికొంచెం వెన్న, మీగడ కలపమన్నాడు. అంతకుముందు కాలపు వంటశాలల్లో మరిగే నీళ్ల గిన్నెపై ఇంకో గిన్నె పెట్టి వండేవారనీ, దానికి సమయం ఎక్కువ పట్టినా గుడ్డు చెడిపోదనీ చెప్పాడు. అడుగున నీళ్లు ఉన్నంతసేపూ గిన్నె వేడి 100 డిగ్రీలు దాటదు. మంట మీద పట్టు లేని కట్టెల పొయ్యి, బొగ్గుల పొయ్యి రోజుల్లో అంతకంటే మంచి ఉపాయం లేదు.

ఇప్పుడు మన ఇంటి గ్యాస్ పొయ్యి మీద ఎలా చేయాలో చూద్దాం. ఇద్దరికి మూడు గుడ్లు చాలు. గిన్నెలో కొట్టి, పావు చెంచా ఉప్పు వేసి, తెల్లసొన తీగలు కనిపించనంత వరకూ ఫోర్కుతో గిలక్కొట్టాలి. నురగ రానక్కర్లేదు. వీలైతే ఉప్పు కలిపి పావుగంట పక్కన పెట్టండి. ఉప్పు ప్రొటీన్లు ఒకదాన్నొకటి మరీ గట్టిగా పట్టుకోకుండా చేస్తుంది, అందువల్ల ఉడికాక నీరు తక్కువ ఊరుతుంది. సొన రంగు కాస్త ముదిరి పల్చబడినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఉప్పు పనే. వాడేది ఉప్పు కలిసిన వెన్న అయితే ఉప్పు సగానికి తగ్గించాలి. పాలు పోయడం తప్పు కాదు గానీ మూడు గుడ్లకు ఒక పెద్ద చెంచాకు మించితే గుడ్డు రుచి పల్చబడుతుంది. నేనైతే అసలు పోయను.

చిన్న బర్నర్ మీద అంటుకోని రకం పెనం పెట్టండి. జానెడు వెడల్పు సరిపోతుంది. మరీ పెద్ద పెనంలో సొన పల్చగా పరుచుకుని ఆమ్లెట్‌లా అతుక్కుంటుంది. ఒక పెద్ద చెంచా వెన్న వేసి సిమ్‌లో కరిగించాలి. వెన్న కరిగి మెల్లగా బుడగలు రావాలి, గోధుమరంగు రాకూడదు. గుడ్డు పోసినప్పుడు సుయ్యిమని శబ్దం వచ్చిందంటే పెనం వేడెక్కువైంది, కాసేపు పక్కకు తీయండి.

మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది ఓపిక నశించి మంట పెంచేది ఇక్కడే. పెంచకుండా, చదునైన కొయ్య గరిటెతోనో రబ్బరు గరిటెతోనో అడుగంతా, ముఖ్యంగా అంచులు, నిదానంగా గీస్తూ ఉండాలి. నాలుగు నిమిషాలు గడిచినా మార్పు లేకపోతే అప్పుడు మంట ఒక్క పిసరు పెంచవచ్చు. ముందుగా సొన కొద్దిగా చిక్కబడుతుంది. తర్వాత గరిటె గీసిన చోట పెనం అడుగు ఒక్క క్షణం కనిపించి మళ్లీ మూసుకుంటుంది. అది తొలి గుర్తు. అక్కడి నుంచి మార్పు వేగంగా జరుగుతుంది. చూపు తిప్పకూడదు, ఫోను ఎత్తకూడదు. చిన్న చిన్న పలుకులు కడతాయి, అవి దగ్గరవుతాయి, గీసిన దారి మూసుకోకుండా నిలుస్తుంది. మొత్తం ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు పట్టవచ్చు. పొయ్యిని బట్టి, పెనాన్ని బట్టి ఇది మారుతుంది కనుక గడియారం కంటే ఈ గుర్తులనే నమ్మాలి.

ఇక దించడం. ముప్పాతిక వంతు గడ్డకట్టి, పలుకుల మధ్య చిక్కటి సొన ఇంకా మెరుస్తూ ఉండగానే పెనాన్ని మంట మీంచి తీసేయాలి. ఇంకో అర నిమిషం ఉంటే బాగుండునని మనసుకు అనిపించే దశ అది. స్టవ్ కట్టేసి పెనాన్ని బర్నర్ మీదే వదిలేస్తే దించినట్టు కాదు, కింది ఇనుప స్టాండు కూడా వేడిగానే ఉంటుంది. దించాక కూడా పెనం వేడి, గుడ్డులోనే ఉన్న వేడి కలిసి ఉడికిస్తూనే ఉంటాయి. పల్చటి అల్యూమినియం పెనమైతే త్వరగా చల్లబడుతుంది. బరువైన ఇనుప పెనం, పోత ఇనుము పెనం అయితే చాలాసేపు వేడి నిలుపుకుంటాయి, వాటిని ఇంకాస్త ముందే దించాలి. దించి మరో ఇరవై, ముప్పై సెకన్లు కలుపుతూ ఉంటే మిగిలిన సొన పలుకులకు పట్టుకుని మీగడలా మారుతుంది. అది చాలనిపించిన క్షణమే పళ్లేల్లోకి తీసేయాలి. కొంచెం మించిపోతోందనిపిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి వెన్న ముక్కను అప్పుడే వేసి కలపండి. అది కరుగుతూ గుడ్డు వేడిని లాగేస్తుంది.

పెద్దమంట పద్ధతిని తీసిపారేయనక్కర్లేదు. అమెరికాలో రోడ్డుపక్క టిఫిను హోటళ్లలో ఇనుప పలక మీద నిమిషంలోపే గుడ్లు వండి ఇస్తారు. వాటిలో సన్నని పలుకులకు బదులు పెద్ద పెద్ద మడతలు ఉంటాయి. హాంకాంగ్ వంటవాళ్లు గుడ్డులో కొంచెం పిండి నీళ్లు కలిపి, బాగా కాగిన మూకుడులో పోసి, సొన పల్చటి పట్టు మడతల్లా పడేటట్టు నెడతారు. గంజి గుణం ఉన్న పిండి ప్రొటీన్ల పట్టును అడ్డుకుంటుంది, అందుకే అంత మంటలోనూ మడత మెత్తగా ఉంటుంది. ఇంట్లో చేయాలంటే వెన్న నురగ తగ్గగానే గుడ్డు పోసి, ఐదు సెకన్లు ఆగి, అంచుల నుంచి మధ్యకు పొడవుగా నెట్టండి. గబగబా కలిపితే మడతలు చితికిపోతాయి. మూడోవంతు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే దించాలి. ఇక్కడ పెనంలో నిలవ ఉన్న వేడి ఎక్కువ కాబట్టి మిగిలిన వంట అదే పూర్తి చేస్తుంది. మొత్తం ముప్పావు నిమిషం. చేయి తిరిగినవాళ్లకు ఇది హాయిగానే ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లు సన్నమంటతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

మన కోడిగుడ్డు పొరటును దీనితో పోల్చకూడదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు, కారం వేగిన నూనెలో గుడ్డు కొట్టి తడి ఆరేదాకా వేయిస్తాం. అన్నంలోకీ చపాతీలోకీ పొడిపొడిగా ఉండడమే దాని రుచి. అందులో కొసన కాస్త ఎర్రబడిన ముక్కలు కావాలనే వస్తాయి. మెత్తటి గుడ్డులో ఉల్లిపాయ, టొమాటో పచ్చిగా వేస్తే వాటి నీరే పళ్లెమంతా పాడుచేస్తుంది. కావాలంటే విడిగా వేయించి, నీరు ఇంకాక, చివర్లో కలపాలి.

మెత్తగా వండడమంటే పచ్చిగా తినడం కాదు. గుడ్డులో ఉండగల సాల్మొనెల్లా సూక్ష్మజీవుల విషయంలో అమెరికా వ్యవసాయ శాఖ గుడ్డుతో చేసిన వంటకాలు 71 డిగ్రీల సెల్సియస్ చేరాలని చెబుతుంది. మెత్తటి పలుకులు బాగా నిలిచే వేడి కూడా అదే చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి పలుకులు కట్టి, పళ్లెం వంచితే పచ్చి సొన పారకుండా ఉన్న గుడ్డు రుచికీ జాగ్రత్తకీ రెండింటికీ సరిపోతుంది. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు, జబ్బుతో నీరసించినవాళ్లకు మాత్రం మెరుపు పూర్తిగా పోయేదాకా వండి పెట్టండి. పెంకు పగిలినవి, వాసన తేడాగా ఉన్నవి వాడకండి. బ్రెడ్డు కాల్చడం, పళ్లేలు పెట్టడం గుడ్డు పోయకముందే ముగించుకోండి, ఎందుకంటే ఈ వంటకం సిద్ధమయ్యాక రెండు నిమిషాలు కూడా ఆగదు.