కనిపించే అక్షరం కంప్యూటర్‌కు కనిపించదు

మోటారు పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల మాన్యువళ్లు, విడిభాగాల జాబితాలు, వైరింగ్ బొమ్మలు, అన్నీ కలిపి వేలకొద్దీ పీడీఎఫ్‌లు వెబ్‌సైట్‌లో పెట్టింది. రైతుకో, మెకానిక్‌కో కావలసింది అందులో ఒక్క పేజీ. దాన్ని వెతికిపెట్టడానికి సైట్‌లో సెర్చ్ పెట్టాలి.

ఎలాస్టిక్‌సెర్చ్, సోలార్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఏ మాట ఏ పత్రంలో ఉందో ముందే పట్టిక రాసిపెట్టుకుని, అడిగిన క్షణంలో చెప్పేస్తాయి. చిక్కంతా పీడీఎఫ్‌లతోనే. పాత మాన్యువళ్లను చాలావరకు స్కాన్ చేసి ఎక్కించి ఉంటారు. మన కంటికది అక్షరం, కంప్యూటర్‌కు మాత్రం ఉత్త ఫొటో. పట్టికలో రాసుకోవడానికి అందులో ఒక్క మాటా దొరకదు.

తెలుగు మాన్యువళ్లది ఇంకో తంటా. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి చాలా ఉన్నాయి. వాటిలో తెరమీద ‘మోటారు’ అని చక్కగా కనిపిస్తుంది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గజిబిజి వస్తుంది. రోగం పట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు.

రెండింటికీ మందు ఓసీఆరే, కానీ వాడే తీరు వేరు. స్కాన్ చేసినవాటికి మొదటి ఆదేశం, అను ఫాంట్లవాటికి రెండోది:

```
ocrmypdf -l tel+eng --skip-text a.pdf b.pdf
ocrmypdf -l tel+eng --force-ocr a.pdf b.pdf
```

మొదటిది అక్షరాలున్న పేజీలను వదిలేస్తుంది. అను ఫైలులో ఉన్న గజిబిజి కూడా దాని లెక్కలో అక్షరాలే కాబట్టి ముట్టుకోదు. రెండోది పేజీని బొమ్మగా మార్చి మొదటినుంచి చదువుతుంది. అయినా వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి. అసలు పేజ్‌మేకర్ ఫైలు దొరికితే దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవడమే మేలు.

తర్వాతి తగాదా మోడల్ నంబర్లది. మాన్యువల్లో ‘వీజే-50/2’ అని ఉంటుంది. సెర్చ్ దాన్ని గీతల దగ్గర విరిచి వీజే, 50, 2 అని మూడు ముక్కలుగా రాసుకుంటుంది. మెకానిక్ ‘వీజే502’ అని కలిపి కొడతాడు, ఏమీ రాదు. అందుకే గీతలు, ఖాళీలు తీసేసిన రూపాన్ని కూడా పక్కన దాచి, అడిగిన మాటనూ అలాగే శుభ్రం చేసి పోల్చాలి.

ఇక 120 పేజీల మాన్యువల్‌ను మొత్తంగా చేతిలో పెడితే వెతికిపెట్టినట్టు కాదు. పేజీకో పద్దు రాయించి, లింకు చివర `#page=47` అని తగిలిస్తే బ్రౌజర్లో నేరుగా ఆ పేజీయే తెరుచుకుంటుంది. ఫోన్లలో కొన్నిచోట్ల ఇది పనిచేయదు కాబట్టి పేజీ నంబరు పైకి కనిపించేలా కూడా రాయాలి.

సెర్చ్ పెట్టాక, ఫలితం రాని మాటల చిట్టాను వారానికోసారి తెరిచి చూడండి. జనం ‘స్టార్టర్ డబ్బా’ అని అడుగుతుంటే మాన్యువల్లో ‘కంట్రోల్ ప్యానెల్’ అని ఉన్న సంగతి అక్కడే బయటపడుతుంది. ఆ రెండు మాటలనూ పర్యాయపదాల జాబితాలో కలిపేయండి.