మంట అంటుకున్నాక మిగిలే నిమిషాలు

ఎత్తైన భవనం అగ్నిప్రమాదంలో సురక్షితమేనా అని తేల్చడానికి ఇంజనీర్లు రెండు సమయాలను పోలుస్తారు. అందరూ బయటపడటానికి పట్టేది 'కావలసిన సమయం'. పొగ, వేడి మనిషిని నిలవనీయని స్థితికి చేరేదాకా ఉండేది 'దొరికే సమయం'. రెండోది మొదటిదానికంటే ఎక్కువ ఉండాలి, అదీ చాలినంత తేడాతో.

పార్కింగ్ పైన 20 అంతస్తులు, అంతస్తుకు 40 మంది, రెండు మెట్లదారులు ఉన్న అపార్ట్‌మెంటును ఊహించుకుందాం. పొగను పసిగట్టడానికి ఒక నిమిషం, అలారం మోగడానికి అర నిమిషం పట్టాయనుకుందాం. ఆ తర్వాత జనం వెంటనే కదలరు. నిజమా కాదా అని చూస్తారు, పిల్లల్ని లేపుతారు, తాళాలు వెతుకుతారు. దీనికి 5 నిమిషాలు వేసుకుందాం. అర్ధరాత్రి అయితే ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

ఇక మెట్లు. ఒకటిన్నర మీటరు వెడల్పున్న మెట్లలో గోడకు, రెయిలింగుకు ఆనుకుని ఎవరూ నడవరు కాబట్టి రెండు వైపులా 15 సెంటీమీటర్లు తీసేస్తారు. మిగిలిన 1.2 మీటర్లలో సెకనుకు సుమారు 1.2 మంది దిగుతారు. రెండు దారుల్లో కలిపి 2.4 మంది. మొత్తం 800 మందికి 333 సెకన్లు, మొదటివాళ్లు కిందికి చేరడానికి మరో 15 సెకన్లు, అంటే దాదాపు 6 నిమిషాలు. అన్నీ కూడితే పన్నెండున్నర నిమిషాలు. ఒక మెట్లదారి పొగతో మూసుకుపోతే దిగే సమయమే 11 నిమిషాలు దాటుతుంది, మొత్తం పద్దెనిమిదికి చేరుతుంది. ఇది కూడా కాళ్ల నొప్పులతో ఆగేవాళ్లను, ఎదురెక్కే అగ్నిమాపక సిబ్బందిని లెక్కలోకి తీసుకోని అంకె.

దొరికే సమయం భవనమంతటికీ ఒక్కటే కాదు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కంప్యూటర్ నమూనాతో పొగ వ్యాప్తిని లెక్కగట్టి, కారిడార్‌లో చూపు 10 మీటర్లకు తగ్గే క్షణాన్నో, ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటే క్షణాన్నో, విషవాయువు మోతాదు మించే క్షణాన్నో, ఏది ముందొస్తే దాన్ని హద్దుగా తీసుకుంటారు. మంట అంటుకున్న ఫ్లాటు తలుపు తెరిచి ఉండి, కారిడార్‌కు 6 నిమిషాలే దొరికాయనుకుందాం. ఆ అంతస్తువాళ్లు మెట్లలోకి చేరడానికి అలారం, ఆలస్యం, ఒక నిమిషం నడక కలిపి ఏడున్నర నిమిషాలు కావాలి. మెట్లు ఎంత వెడల్పున్నా అక్కడివాళ్లకు లెక్క తప్పినట్టే. అదే తలుపు దానంతటదే మూసుకునేదైతే పొగ లోపలే చాలాసేపు ఆగుతుంది, దొరికే సమయం పెరుగుతుంది.

మెట్లదారికి విడిగా లెక్క వేస్తారు. ఫ్యాన్లతో అందులో గాలి ఒత్తిడి పెంచి పొగను బయటే నిలుపుతారు. తలుపులు మూసి ఉంటాయన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలుస్తుంది. ఎవరో రాకపోకలకు వీలుగా తలుపుకి ఇటుక అడ్డుపెడితే ఒత్తిడి జారిపోతుంది, కాగితం మీది నిమిషాలు చెల్లవు.

లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017లో 72 మంది చనిపోయారు. అక్కడ ఉన్నది ఒకే మెట్లదారి. మంట బయటి గోడల మీదుగా పాకడంతో ఇళ్లలోనే ఉండమన్న ఏర్పాటు విఫలమైంది.

అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు మెట్ల తలుపును ఒకసారి తెరిచి వదిలి చూడాలి. అది తనంతట తాను పూర్తిగా మూసుకోకపోతే ఈ వారమే బాగు చేయించండి.