ఫ్రెంచి కథలో వాన ఎంతసేపు కురిసింది?

ఫ్రెంచిలో జరిగిన కథ చెప్పడానికి ముఖ్యంగా రెండు కాలాలు వాడతారు: అంపార్ఫే, పాసే కంపోజే. చాలాసేపు సాగిన పనికి మొదటిది, చటుక్కున అయిపోయినదానికి రెండోది అని నేర్చుకునేవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక చిన్న కథ చూద్దాం. రైల్వే స్టేషన్లో మరీ అనే అమ్మాయి. ‘ఇల్ ప్లవే’, వాన కురుస్తోంది. ‘మరీ అతాందే’, మరీ ఎదురుచూస్తోంది. రెండూ అంపార్ఫే; వాన ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు వెలిసిందో కథకుడికి పట్టదు. అంతలో ఒకతను తలుపు తీశాడు: ‘ఆ ఊవేర్’. ఇది పాసే కంపోజే. కథ ఒక అడుగు ముందుకేసింది. అదే ‘ఊవ్రే’ అని అంపార్ఫేలో రాస్తే, అతను తలుపు తీస్తూ ఉన్నాడు, ఆ క్షణంలో ఇంకేదో జరగబోతోందని పాఠకుడు కాచుకుంటాడు. ఏమీ జరగకపోతే వాక్యం గాల్లో వేలాడుతుంది.

మరి, మరీ రెండు గంటలు ఎదురుచూసింది అనాలంటే? ‘ఎల్ ఆ అతాందూ దజ్యర్’. పాసే కంపోజేనే! ‘రెండు గంటలు ఎదురుచూస్తూనే ఉంది’ అనే మన అలవాటు ఇక్కడ అంపార్ఫే వైపు లాగుతుంది. కానీ గంటలు లెక్కపెట్టామంటే ఆ పనికి హద్దు గీసేశాం. నిడివి కాదు, ఆ హద్దే కాలాన్ని నిర్ణయిస్తుంది.

సాహిత్య కథనంలో పాసే కంపోజే చోట పాసే సింప్ల్ కనిపించడం మామూలే. 1942లో వచ్చిన ‘లెత్రాంజే’ నవలలో కామూ ప్రధానంగా పాసే కంపోజేనే వాడి, ఆ పొడి గొంతు సాధించాడు.