పరీక్ష రాసిందా, గట్టెక్కిందా?

మా పిన్ని కూతురు రష్యాలో మెడిసిన్ చదువుతోంది. సొంతూరు గుడివాడ దగ్గర. క్లాసులు ఇంగ్లీషులోనే జరుగుతాయి గానీ హాస్టలూ, బజారూ, హాస్పిటల్లో పేషెంట్లూ అంతా రష్యనే. మొదటి ఏడాది చివర్లో అక్క అనాటమీ పరీక్ష ఇచ్చేసి హాస్టల్‌కి తిరిగొచ్చింది. అక్కడ మార్కులు అయిదుకి వేస్తారు, మూడొస్తే పాసు. అక్కకి నాలుగొచ్చింది. గుమ్మం దగ్గర కాపలా కూర్చునే పెద్దావిడ నవ్వుతూ "ను కాక్, జ్దలా?" అని అడిగింది. అక్క కూడా నవ్వుతూ "జ్దవాలా!" అంది.

ఆవిడ నవ్వు మాయమైపోయింది. "నిచెవో, నిచెవో" అని భుజం తట్టి, పెరెజ్దాచా ఎప్పుడని అడిగింది. పెరెజ్దాచా అంటే మన సప్లీ.

ఇంతకీ ఏం జరిగింది? ఆవిడ అడిగింది "పాసయ్యావా?" అని. అక్క చెప్పింది "రాశాను" అని. రెండు మాటలకీ ధాతువు ఒకటే, కాలం ఒకటే, మారింది ఒక్క ముక్క. కానీ "పాసయ్యావా" అన్న ప్రశ్నకి "రాశాను" అని జవాబు వస్తే మనం మాత్రం ఏమనుకుంటాం? పాపం పోయిందనే కదా.

రష్యన్‌లో దాదాపు ప్రతి క్రియకీ ఇలా జంట ఉంటుంది. జ్దవాత్ ఇంపర్ఫెక్టివ్, జ్దాత్ పర్ఫెక్టివ్. చితాత్, ప్రచితాత్ అంటే చదవడం. స్త్రోయిత్, పస్త్రోయిత్ అంటే కట్టడం. ఈ తేడాని వాళ్ళు "విద్" అంటారు. ఆ మాటకి చూపు, కనిపించే తీరు అని అర్థం. పేరు నాకు భలే నచ్చింది, ఎందుకంటే సంగతి అదే. జరిగిన పని ఒకటే, దాన్ని ఎక్కణ్ణుంచి చూస్తున్నాం అన్నదే తేడా. పర్ఫెక్టివ్ పనిని బయట నిలబడి, మొదలూ చివరా కనబడేట్టు, ఫలితంతో సహా చూస్తుంది. ఇంపర్ఫెక్టివ్ పని జరిగిందనో, జరుగుతోందనో మాత్రం చెప్పి, చివరి సంగతి ఎత్తదు. మన భాషలో చెప్పాలంటే ఇంపర్ఫెక్టివ్ ఫంక్షన్‌ని కాల్ చేశామని చెబుతుంది. రిటర్న్ వేల్యూ వచ్చిందా, ఎర్రర్ వచ్చిందా అన్నది దానికి అనవసరం. అందుకే అక్క "జ్దవాలా" అన్నది అబద్ధం కాదు, సగం నిజం.

ఇక్కడిదాకా ఏ టెక్స్ట్‌బుక్ అయినా చెబుతుంది. నేను రెండేళ్ళుగా రష్యన్ నేర్చుకుంటున్నాను. ఇంగ్లీషు మీడియంలో చదివాను కాబట్టి మొదట్లో ప్రతిదాన్నీ ఇంగ్లీషు టెన్సుల్లోకి మార్చుకునేవాణ్ణి, ప్రతిసారీ బోర్లా పడేవాణ్ణి. తర్వాత ఒకరోజు తట్టింది, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే దీనికి దగ్గర సరుకు ఉందని. చదివాను, చదివేశాను. తిన్నాను, తినేశాను. ఈ "ఏశాను" అనే తోక పని ఒడ్డుకి చేరిందని చెబుతుంది.

మన ప్రకాశం బ్యారేజీనే తీసుకుందాం. పాత ఆనకట్ట 1952లో తెగిపోయాక, కొత్తదాని పని 1954లో మొదలై 1957లో పూర్తయింది. దాదాపు నాలుగేళ్ళు. దీన్ని తెలుగులో రెండు రకాలుగా చెప్పొచ్చు. "నాలుగేళ్ళు కట్టారు." "నాలుగేళ్ళలో కట్టేశారు." మొదటి వాక్యంలో నాలుగేళ్ళూ కూలీలు మట్టి మోస్తూనే కనిపిస్తారు. రెండో వాక్యంలో బ్యారేజీ కనిపిస్తుంది. "నాలుగేళ్ళు కట్టేశారు" అంటే చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. రష్యన్‌లో కూడా సరిగ్గా ఇంతే. "ప్లతీను స్త్రోయిలి చితీర్యె గోదా" అంటే ఆనకట్టని నాలుగేళ్ళు కట్టారు, ఇంపర్ఫెక్టివ్. "ప్లతీను పస్త్రోయిలి జా చితీర్యె గోదా" అంటే నాలుగేళ్ళలో కట్టేశారు, పర్ఫెక్టివ్. అక్కడి "జా" మన "లో" చేసే పనే చేస్తోంది. వాక్యంలో కాలవ్యవధి ఉంటే మనసులో తెలుగులో అనుకుని చూడండి. "లో" పడితే పర్ఫెక్టివ్, పడకపోతే ఇంపర్ఫెక్టివ్. ఈ పరీక్ష నన్ను ఇంతవరకూ మోసం చెయ్యలేదు.

పుస్తకాల దగ్గర కూడా ఇది పనిచేస్తుంది. ఒకప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చయిన ప్రోగ్రెస్, రాదుగ పుస్తకాలు మన విశాలాంధ్ర వాళ్ళ షాపుల్లో దొరికేవి. మా తాతయ్య అలమారాలో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి చూపించి "తీ చితాల్ ఎతు క్నీగు?" అంటే "ఈ పుస్తకం చదివావా?", అంటే ఎప్పుడైనా చదివిన అనుభవం ఉందా అని. అదే "తీ ప్రచితాల్ ఎతు క్నీగు?" అంటే "చదివేశావా?" అని. నా దగ్గర తీసుకెళ్ళావుగా, అయిపోతే తిరిగిచ్చెయ్ అన్న ధ్వని వస్తుంది.

అయితే ఈ "ఏశాను" తోకని గుడ్డిగా నమ్మితే మునిగిపోతాం. మనకి అది కూరలో కరివేపాకు, వేసినా వెయ్యకపోయినా వంట అవుతుంది. "అన్నం తిన్నావా?" అన్నా, "తినేశావా?" అన్నా పని జరుగుతుంది. పైగా "నా స్వీటు తినేశాడు" అన్నప్పుడు పూర్తి కావడం కంటే మన ఏడుపే ఎక్కువ వినిపిస్తుంది. రష్యన్‌లో ఈ ఐచ్ఛికం లేదు. క్రియ నోట్లోంచి వచ్చే ముందే ఇదో అదో తేల్చుకోవాలి.

ఇంకా ముఖ్యమైన తేడా అలవాట్ల దగ్గర వస్తుంది. "సెలవుల్లో రోజూ ఒక చాప్టర్ చదివేసేవాణ్ణి" అని మనం హాయిగా అంటాం. రోజూ చాప్టర్ పూర్తయింది కదా అని రష్యన్‌లో ప్రచితాల్ వాడితే తప్పు. పని మళ్ళీ మళ్ళీ జరిగితే, ప్రతిసారీ పూర్తయినా సరే, అక్కడ మామూలుగా ఇంపర్ఫెక్టివే. అలాగే "ఇప్పుడు చదివేస్తున్నాను" అని మనం అనగలం. రష్యన్ పర్ఫెక్టివ్‌కి వర్తమానమే లేదు. దానికి వర్తమానం ప్రత్యయాలు తగిలిస్తే భవిష్యత్తైపోతుంది. యా చితాయు అంటే చదువుతున్నాను. యా ప్రచితాయు అంటే చదివేస్తాను. మొదలుపెట్టడం, ఆపడం అనే క్రియల వెనక వచ్చే క్రియ కూడా ఎప్పుడూ ఇంపర్ఫెక్టివే. ఇక్కడ ఆలోచించక్కర్లేదు, బట్టీ పట్టెయ్యండి.

నన్ను ఎక్కువ రోజులు ఏడిపించింది మాత్రం ఇంకోటి ఉంది. హాస్టల్ గదిలోకి వచ్చేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంటే "క్తో అత్క్రీల్ అక్నో?" అంటారు, పర్ఫెక్టివ్. కిటికీ మూసే ఉంది, కానీ గది మంచులా ఉంటే "క్తో అత్క్రివాల్ అక్నో?" అంటారు, ఇంపర్ఫెక్టివ్. తెలుగులో రెండింటికీ "కిటికీ ఎవరు తెరిచారు?" అనే వస్తుంది. రెండోసారి కూడా కిటికీ పూర్తిగానే తెరిచారు కదా, మరి ఇంపర్ఫెక్టివ్ ఎందుకు అని తల పట్టుకున్నాను.

దీనికి జవాబు మా అమ్మ నోట దొరికింది. కాలేజీ నుంచి వచ్చేసరికి "మీ ఫ్రెండ్ వచ్చి వెళ్ళాడు రా" అంది. వాడు ఇంకా హాల్లో కూర్చుని ఉంటే "మీ ఫ్రెండ్ వచ్చాడు" అనేది. రష్యన్‌లో మొదటిది "ప్రిఖదీల్", రెండోది "ప్రిషోల్". ఫలితం ఇప్పుడు కళ్ళముందు నిలిచి ఉంటే పర్ఫెక్టివ్. పని జరిగి, దాని ఫలితం చెరిగిపోయి ఉంటే ఇంపర్ఫెక్టివ్. మనం రెండు క్రియలు పేర్చి "వచ్చి వెళ్ళాడు", "తెరిచి మూశారు" అని చెప్పేదాన్ని వాళ్ళు ఒక్క ఇంపర్ఫెక్టివ్‌లో సరిపెట్టేస్తారు. రావడం, వెళ్ళడం, తెరవడం, మూయడం, తీసుకోవడం లాంటి వెనక్కి తిప్పగల పనులన్నిటికీ ఇది వర్తిస్తుంది. పుస్తకాన్ని చదవకుండా చేయలేం కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

ఇదంతా గ్రామర్ పరీక్షకేనా అంటే, కాదు. మూడో ఏడాదిలో అక్కకి హాస్పిటల్ పోస్టింగ్ మొదలయింది. ఒక తాతగారి కేస్ హిస్టరీ రాస్తూ "మందులు వాడుతున్నారా, ఇంతకుముందు వాడారా?" అని అడగబోయి "వీ ప్రీన్యలి లెకార్స్త్వా?" అంది. ఆయన "యిష్షో నెత్" అన్నాడు. ఇంకా లేదు అని. అక్క "మందులేమీ వాడటం లేదు" అని రాసేసుకుంది. వెనకాల వచ్చిన డాక్టరమ్మ అదే మంచం దగ్గర "ప్రినిమాలి?" అని ఇంపర్ఫెక్టివ్‌లో అడిగితే, ఆయన ఏళ్ళ తరబడి బీపీ బిళ్ళలు మింగుతున్నానని పేర్లతో సహా చెప్పాడు.

తాతగారి తప్పు లేదు. ప్రీన్యలి పర్ఫెక్టివ్. అంటే ఒకసారి, ఫలానా డోసు, అయిపోయిందా అని. ఆయనకి వినిపించింది "ఇవాళ్టి బిళ్ళలు వేసేసుకున్నారా?" అని. నర్సు పొద్దున్నే అడిగే ప్రశ్న అది. ఆయన నిజమే చెప్పాడు, ఇంకా వేసుకోలేదని. అక్కకి కావలసింది చరిత్ర. చరిత్రకి ప్రినిమాలి కావాలి. ఇలాంటిచోట తప్పు పట్టుకోవడానికి ఒక గుర్తుంది. మీరు అడిగింది అనుభవం గురించి అయితే అవతలి మనిషి అవుననో కాదనో అంటాడు. "యిష్షో నెత్" అన్నాడంటే ఆయన బుర్రలో మీరు ఎదురుచూస్తున్న ఒక ఫలానా పని ఉన్నట్టే. వెంటనే ఇంపర్ఫెక్టివ్‌లో మళ్ళీ అడగండి.

వద్దు అని చెప్పేటప్పుడు సంగతి సులభం. ఒక పని చెయ్యొద్దంటే ఇంపర్ఫెక్టివ్. కొనకు, "ని పకుపాయ్". కానీ కావాలని ఎవరూ చెయ్యని, పొరపాటున జరిగిపోయే పని గురించి హెచ్చరిస్తే పర్ఫెక్టివ్. మనం "పడకు" అనకుండా "పడిపోతావ్, జాగ్రత్త!" అంటాం చూడండి, అది. శీతాకాలం పొద్దున హాస్టల్ మెట్ల మీద మంచు గట్టిపడి గాజులా ఉంటుందట. అక్క పరుగెత్తుకుంటూ బయటికెళ్తుంటే గుమ్మం దగ్గరి పెద్దావిడ ఇప్పటికీ వెనకనుంచి అరుస్తుంది, "ని ఉపాది!" అని.