లాభం మిగలని వీధిలో ఇన్ని ఫ్లెక్సీలు ఎందుకు?

ధాన్యం మార్కెట్ యార్డుకు తెచ్చిన రైతు ఎవరూ తన బస్తాల మీద ప్రకటన అంటించడు. ఒకే రకం, ఒకే తేమ ఉన్న వడ్లు ఎవరివైనా ఒకటే. ఆ రోజు ధరకు తెచ్చిందంతా అమ్ముకోవచ్చు. ఒక్క రూపాయి ఎక్కువ అడిగితే కొనేవాడు పక్క కుప్పకు వెళ్తాడు. దీన్ని ఆర్థికశాస్త్రంలో సంపూర్ణ పోటీ అంటారు.

టిఫిన్ సెంటర్ సంగతి వేరు. దాని అల్లం చట్నీ కోసం రెండు వీధులు దాటి వచ్చేవాళ్లుంటారు. దోశ మీద అయిదు రూపాయలు పెంచితే కొందరు పోతారు గానీ అందరూ పోరు. తన రుచికి తానొక్కడే యజమాని, కానీ పక్కనే పోటీదారులు. కొత్తవాడు కొట్టు తెరవడానికీ పెద్ద అడ్డేమీ లేదు. ఈ స్థితికి ఏకస్వామ్య పోటీ అని పేరుపెట్టి 1933లో పుస్తకం రాసినవాడు అమెరికా ఆర్థికవేత్త ఎడ్వర్డ్ ఛాంబర్లిన్. రుచిలో, చోటులో, సేవలో, పేరులో ఉండే తేడా వస్తుభేదం.

లెక్క కోసం ఒక టిఫిన్ సెంటర్ అనుకుందాం. ప్లేటు దోశ 60 రూపాయలు. పిండి, నూనె, గ్యాస్, చట్నీ కలిపి ప్లేటుకు 30 ఖర్చు, 30 మిగులు. నెలకు అద్దె 35 వేలు, పనివాళ్ల జీతాలు 60 వేలు. యజమాని ఇంకోచోట పనిచేస్తే వచ్చే జీతం 30 వేలు, పెట్టిన డబ్బుకు వడ్డీ 10 వేలు. మొత్తం 1,35,000. ఈ చివరి రెండూ కలిపితే వచ్చేదే సాధారణ లాభం. అది దక్కితే అతనికి కొట్టు మూసే కారణం లేదు, ఇంకొకరికి వచ్చి తెరవాలన్న ఆశా లేదు.

మొదట్లో రోజుకు 200 ప్లేట్లు పోయేవి. అంటే నెలకు 1,80,000 మిగులు, ఖర్చులన్నీ పోను 45 వేలు అదనం. ఆ గిరాకీ చూసి అదే వీధిలో ఇంకొందరు పెనం పెట్టారు. అమ్మకం రోజుకు 150కి దిగింది. 4,500 ప్లేట్ల మీద ముప్పై చొప్పున సరిగ్గా 1,35,000. అదనపు లాభం సున్నా.

చాలామంది పొరబడేది ఇక్కడే. మొత్తం లాభం సున్నా అయింది గానీ, ప్లేటు మీద ముప్పై రూపాయల మిగులు ఎక్కడికీ పోలేదు. పెనం ఖాళీగా ఉంది, బల్లలు ఖాళీగా ఉన్నాయి. నూట యాభై ఒకటో మనిషి లోపలికి వస్తే ఆ ముప్పై నేరుగా గల్లాలో పడుతుంది. రైతుకు ఈ ఆరాటం ఉండదు, ఎందుకంటే ఆ ధరకు అమ్ముడుపోకుండా మిగిలేదంటూ అతని దగ్గర ఉండదు.

మరి ధర తగ్గించి జనాన్ని పిలవచ్చుగా? అయిదు రూపాయలు తగ్గిస్తే ఆ తగ్గింపు పాత ఖాతాదార్లందరికీ వర్తిస్తుంది. మిగులు పాతికకు పడిపోతుంది. ఉన్నచోట నిలబడడానికే రోజుకు 180 ప్లేట్లు అమ్మాలి. అదే నెలకు ఆరు వేలు పెట్టి ఫ్లెక్సీ, పాంప్లెట్లు వేయిస్తే, రోజుకు పదిమంది కొత్తగా వచ్చినా 9 వేలు వస్తాయి. ధర అలాగే ఉంటుంది, చేతిలో 3 వేలు మిగులుతాయి.

ఆ 3 వేలు ఎక్కువకాలం నిలవవు. పక్కవాళ్లూ ఫ్లెక్సీలు కడతారు. వచ్చిన పదిమందీ వెనక్కి పోతారు, అందరికీ నెలకు 6 వేల నష్టం. చివరికి ఒకరు మూసేస్తే, అతని ఖాతాదార్లు మిగిలినవాళ్లకు పంచుకుపోతారు. రోజుకు సుమారు 157 ప్లేట్ల దగ్గర మళ్లీ సాధారణ లాభమే. అప్పుడు ఒక్కడు ఫ్లెక్సీ దించేస్తే ఏమవుతుంది? ఆరు వేలు ఆదా అవుతాయి, కానీ రోజుకు పదిమంది పోతే 9 వేలు పోతాయి. ప్రకటన ఇక అతన్ని ధనవంతుణ్ణి చేయదు, మానేస్తే మాత్రం జీతం, వడ్డీ కూడా పూర్తిగా దక్కవు.

అయితే ఇదంతా దండగ ఖర్చేనా? ఒకే సరుకుకు రంగు మార్చి, సినిమా నటుడి బొమ్మ వేసి ఆకట్టుకునే ప్రకటన విషయంలో ఆ ఆరోపణ చాలావరకు నిజమని నా అభిప్రాయం. ధర, చోటు, వేళలు చెప్పే ప్రకటన అలాంటిది కాదు. దానివల్ల కొనేవాడికి పక్క కొట్టు సంగతి తెలుస్తుంది, అమ్మేవాడు ఇష్టం వచ్చినట్టు ధర పెంచలేడు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు కళ్లద్దాల ప్రకటనలను నిషేధించాయి, కొన్ని నిషేధించలేదు. లీ బెన్‌హామ్ అనే ఆర్థికవేత్త 1963 నాటి ధరలను పోల్చి 1972లో ఫలితం ప్రచురించాడు. ప్రకటనలు లేని చోట కళ్లద్దాలు చవకగా ఉండాలి కదా, ఆ ఖర్చు లేదు కాబట్టి. కానీ పూర్తి నిషేధం ఉన్న రాష్ట్రాల్లో అవే కళ్లద్దాలకు జనం దాదాపు పావు వంతు ఎక్కువ చెల్లించారు.